షాంపూ సీసా వెనక్కి తిప్పి చదవడం ఎలా? మాడును చూసి ఎంచుకునే పద్ధతి

"సల్ఫేట్ ఉంటే జుట్టు రాలుతుందా?", "సిలికోన్ లేని షాంపూ ఏదైనా చెప్పండి", "పారాబెన్ లేనిదైతే పిల్లలకు వాడొచ్చా?" మళ్లీ మళ్లీ వస్తున్నవి ఈ మూడు ప్రశ్నలే. అడిగేవాళ్లలో దాదాపు ఎవరూ తమ మాడు ఎలాంటిదో చెప్పరు. అది తెలియకుండా ఏ షాంపూ మంచిదో చెప్పడం, పాదం కొలత తెలియకుండా చెప్పులు కొనిపెట్టడం లాంటిది. అందుకే ఇక్కడ ముందు మాడును చూద్దాం, ఆ తర్వాతే లేబుల్ దగ్గరకు వెళ్దాం.

షాంపూ పని మాడు మీద పేరుకున్న జిడ్డు, చెమట, దుమ్ము, రాసిన నూనె వదిలించడం. అది మాడు మీద ఉండేది రెండు మూడు నిమిషాలు, ఆ తర్వాత నీళ్లతో పాటే పోతుంది. జుట్టు పెంచుతుంది, కుదుళ్లకు పోషణ ఇస్తుంది అన్న మాటలను ఈ రెండు మూడు నిమిషాల లెక్కతో తూచి చూడండి.

కావలసినవి

- ఇప్పుడు వాడుతున్న షాంపూ సీసా, కొనాలనుకుంటున్న సీసా (లేదా దాని వెనక వైపు ఫోటో)
- రంగు, వాసన లేని నాలుగైదు టిష్యూ కాగితాలు
- ఒక నల్లని గుడ్డ ముక్క
- ఫోన్ కెమెరా. లేబుల్ మీద అక్షరాలు చీమతలకాయలంత ఉంటాయి, ఫోటో తీసి పెద్దది చేసుకుంటే తప్ప చదవలేం
- మూడు రోజుల ఓపిక

రూపాయి, రెండు రూపాయల ప్యాకెట్ మీద చదవడానికి ప్రయత్నించి విసుగెత్తకండి. మన దేశపు 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం 60 మిల్లీలీటర్ల కంటే చిన్న ప్యాక్ మీద పదార్థాల జాబితా వేయాల్సిన పని లేదు. అదే పేరుతో వచ్చే పెద్ద సీసా వెనక చూడండి. ఆ రెండింటి ఫార్ములా ఒకటే అయి ఉండాలని మాత్రం అనుకోకండి.

1. మాడు ఎలాంటిదో ముందు తేల్చుకోండి

సాయంత్రం మామూలుగా తలంటుకోండి. నూనె, సీరం, కండిషనర్ ఏవీ వద్దు. 24 గంటల తర్వాత జుట్టు పాయ తీసి, నడినెత్తి మీద ఒకసారి, చెవి వెనక ఒకసారి టిష్యూను పది సెకన్లు అదిమి పట్టి, వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. ఇలాగే 48 గంటలకు, 72 గంటలకు కూడా చూడాలి.

24 గంటలకే కాగితం మీద నూనె మరక పారదర్శకంగా కనిపిస్తే మీది జిడ్డు మాడు. రెండో రోజు దాటాక కనిపిస్తే మామూలు మాడు. మూడో రోజుకు కూడా మరక లేకుండా, తలంటుకున్న గంటలోనే చర్మం బిగుసుకున్నట్టు అనిపిస్తే పొడి మాడు. హెల్మెట్‌తో రోజంతా తిరిగిన వారంలోనో, మే నెల వడగాల్పుల్లోనో ఈ పరీక్ష చేస్తే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది. మామూలుగా గడిచే వారం చూసుకోండి.

మూడో రోజు నల్ల గుడ్డ పరిచి, దాని మీదకు తల వంచి దువ్వండి. రాలిన పొట్టును వేలితో నలపండి. కాస్త పెద్ద రేకుల్లా, పసుపు ఛాయతో, వేలికి జిడ్డుగా అంటుకుంటే చుండ్రు అయి ఉండే అవకాశం ఎక్కువ. సన్నగా, పొడిగా, విభూతిలా రాలిపోతే పొడిబారిన చర్మం. వెంట్రుకకే మైనంలా అంటుకుని, గోరుతో గీకితే తెల్లగా వస్తే అది అసలు చర్మమే కాదు. సరిగ్గా కడగని కండిషనరో, బోరు నీళ్ల సున్నమో అయి ఉండొచ్చు.

ఎక్కువమంది పొరబడేది ఈ మెట్టు దగ్గరే. పొట్టు రాలగానే "తల ఎండిపోయింది" అనుకుని రాత్రంతా నూనె పట్టించి పడుకుంటారు. చుండ్రుకు కారణమైన మలసేజియా అనే ఈస్టు మాడు మీద జిడ్డు తిని బతికేది. నూనె పెడితే ఒక పూట దురద తగ్గినట్టు, పొట్టు అణిగినట్టు ఉంటుంది. రెండు రోజుల్లో మళ్లీ మొదలు.

2. సీసా ముందు వైపు మాటలను పక్కన పెట్టండి

ఉల్లిపాయ బొమ్మ, "98 శాతం బలం", "కెమికల్ లేదు", "సాలూన్ మెరుపు". వీటిలో ఏదీ మీ మాడు గురించి చెప్పదు. "కెమికల్ లేదు" అన్న మాట అయితే నవ్వు తెప్పిస్తుంది, సీసాలో ముప్పాతిక వంతుకు పైగా ఉండే నీళ్లు కూడా కెమికలే. ముందు వైపు పనికొచ్చేది సాధారణంగా ఒక్కటే: కీటోకోనజోల్ 2 శాతం, సెలీనియం సల్ఫైడ్ 2.5 శాతం అని మందు పేరూ మోతాదూ రాసి ఉంటే దాన్ని పట్టించుకోండి.

3. జాబితాలో ఒక శాతం గీత ఎక్కడుందో కనిపెట్టండి

ఒక శాతం కంటే ఎక్కువ ఉన్న పదార్థాలను, ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలని రూలు. ఒక శాతం, అంతకంటే తక్కువ ఉన్నవాటిని ఆ తర్వాత ఏ వరుసలో రాసినా చెల్లుతుంది. కాబట్టి ఒక శాతానికి మించి వాడని పదార్థం జాబితాలో ఎక్కడ కనిపిస్తే, ఆ తర్వాత ఉన్నవన్నీ ఒక శాతమో, ఇంకా తక్కువో అన్నమాట.

ఆ గుర్తుగా పనికొచ్చేది ఫినాక్సీఇథనాల్. ఇది నిల్వ ఉంచే పదార్థం, మామూలుగా ఒక శాతం దాటి వాడరు. అది లేకపోతే, నీళ్లలోని సున్నాన్ని పట్టి ఉంచే ఈడీటీఏ పేరు చూడండి, అదీ చాలా కొద్దిగానే వేస్తారు. ఈ రెండూ లేకపోతే పెర్‌ఫ్యూమ్ అన్న మాటను ఉజ్జాయింపుగా తీసుకోవచ్చు.

రెండు లేబుళ్లు తీసుకుందాం. ఇవి ఏ ఒక్క కంపెనీవీ కావు, దుకాణంలో తరచూ కనిపించే తీరులో కూర్చినవి. మొదటిదాని ముందు వైపు పెద్ద అక్షరాల్లో "సల్ఫేట్ ఫ్రీ, ఉల్లి శక్తి" అని ఉందనుకోండి. రెండోది ఏ ఆర్భాటమూ లేని సాదా సీసా.

```
1) Aqua, Sodium C14-16 Olefin Sulfonate,
   Cocamidopropyl Betaine, Sodium Chloride,
   Phenoxyethanol, Perfume, Dimethiconol,
   Allium Cepa Extract

2) Aqua, Sodium Laureth Sulfate,
   Cocamidopropyl Betaine, Coco-Glucoside,
   Glycerin, Disodium EDTA, Perfume,
   Sodium Benzoate, Citric Acid
```

మొదటి సీసాలో ఆలియమ్ సీపా అంటే ఉల్లిపాయే. అది ఫినాక్సీఇథనాల్ తర్వాత ఉంది. 200 మిల్లీలీటర్ల సీసా అనుకుంటే అందులో ఉల్లి సారం మహా అయితే 2 మిల్లీలీటర్లు. ఆ సారంలో కూడా చాలాసార్లు అధిక భాగం నీళ్లో, గ్లిజరినో ఉంటుంది. తలంటుకు 6 మిల్లీలీటర్లు వాడితే మాడు దాకా చేరేది ఒక చుక్క, అదీ రెండు నిమిషాల్లో కాలువ పాలు. సీసా ధర మాత్రం ఆ చుక్క పేరు మీదే ఉంటుంది.

4. మొదటి నాలుగైదు పేర్లలో కడిగే పదార్థాన్ని పట్టుకోండి

షాంపూ గుణం చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. Aqua అంటే నీళ్లు. నీళ్ల తర్వాత వచ్చే పేరు ప్రధానంగా కడిగేది, దాని వెంట వచ్చేది దానికి తోడు.

సోడియం లారిల్ సల్ఫేట్, సోడియం లారెత్ సల్ఫేట్ ఒకటి కావు. లారిల్ గట్టిగా కడుగుతుంది, చర్మాన్ని ఎక్కువగా రేపుతుంది. లారెత్ అదే కుటుంబంలో కాస్త మెత్తనిది, మన దుకాణాల్లో ఎక్కువ షాంపూల్లో ఉండేది ఇదే. పక్కన కోకామిడోప్రొపైల్ బీటైన్ ఉంటే ఆ ఘాటు ఇంకా తగ్గుతుంది. అందుకే "సల్ఫేట్ ఉందా లేదా" అని కాకుండా, ఏ సల్ఫేట్, పక్కన ఏముంది అని చూడండి. సల్ఫేట్ వల్ల క్యాన్సర్ వస్తుందని తిరిగే సందేశాలకు ఆధారం లేదు. చర్మం పొడిబారడం, మంట అన్నవి మాత్రం నిజమే, అవి అందరికీ రావు.

ఇప్పుడు మొదటి సీసాలో రెండో పేరు చూడండి. ఓలెఫిన్ సల్ఫోనేట్. సల్ఫేట్ కాదు, సల్ఫోనేట్, కాబట్టి "సల్ఫేట్ ఫ్రీ" అన్న మాట అబద్ధం కాదు. కానీ ఇది జిడ్డు తీయడంలో సల్ఫేట్లకు ఏమాత్రం తీసిపోదు. పొడి మాడు ఉన్నవాళ్లు సల్ఫేట్ భయంతో ఎక్కువ డబ్బు పెట్టి ఈ సీసా కొని, "సల్ఫేట్ లేనిది వాడినా తల ఎండిపోతోంది" అని వాపోతుంటారు. రెండో సీసాలో లారెత్ సల్ఫేట్‌కు తోడు బీటైన్, ఆ తర్వాత కోకో గ్లూకోసైడ్, గ్లిజరిన్ ఉన్నాయి. చాలామంది పొడి మాడుకు మొదటి సీసా కంటే ఇదే హాయిగా ఉంటుంది.

నిజంగా మెత్తనిది కావాలంటే నీళ్ల తర్వాత వచ్చే పేర్లలో వీటిని వెతకండి: సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్, డైసోడియం లారెత్ సల్ఫోసక్సినేట్, డెసిల్ గ్లూకోసైడ్, సోడియం లారోయిల్ సార్కోసినేట్. వీటిలో సల్ఫోసక్సినేట్ అన్నది చూసి సల్ఫేట్ అనుకుని పక్కన పెట్టేవాళ్లున్నారు, అది వేరు. కండిషనర్ల మీద కనిపించే బెహెన్‌ట్రిమోనియం మెథోసల్ఫేట్ కూడా కడిగేది కాదు, జుట్టును మెత్తబరిచేది.

నూనె సంగతి ఇక్కడే చెప్పాలి. వారానికోసారి దట్టంగా కొబ్బరి నూనె పట్టించి తలంటుకునే ఇంట్లో, మెత్తని షాంపూ ఒక్క చుట్టుతో నూనెను వదిలించలేదు. నురుగు రాదు, ఇంకాస్త పోస్తారు, ఇంకా రుద్దుతారు, చివరికి జుట్టు చిక్కుపడి తెగుతుంది. నూనె రోజుల్లో లారెత్ సల్ఫేట్ ఉన్న మామూలు షాంపూనే వాడండి. లేదా మెత్తనిదాన్నే రెండుసార్లు పెట్టండి. మొదటిసారి నురుగు రాకపోవడం సహజం, నూనె నురుగును చంపేస్తుంది. రెండోసారి వస్తుంది. "కుంకుడుకాయలు సహజం కదా, ఘాటు ఉండదు" అనే వాదన కూడా పూర్తిగా నిజం కాదు. కుంకుడు రసంలో ఉండే సాపోనిన్లు కూడా జిడ్డు తీసే పదార్థాలే. కళ్లలో పడితే ఏమవుతుందో మన చిన్నతనాలకు బాగా తెలుసు.

5. సిలికోన్: మాడుకు కాదు, వెంట్రుక పొడవుకు చూడండి

పేరు చివర కోన్, కోనాల్, సిలాక్సేన్ అని ఉంటే సిలికోన్. డైమెథికోన్, డైమెథికోనాల్, అమోడైమెథికోన్ అన్నవి ఎక్కువగా కనిపిస్తాయి. ఇవి వెంట్రుక మీద సన్నని పొరలా పరుచుకుని, వెంట్రుకకూ వెంట్రుకకూ మధ్య రాపిడి తగ్గిస్తాయి. దువ్వెన జారుతుంది, తెగడం తగ్గుతుంది. రంధ్రాలు మూసేసి జుట్టు ఊపిరాడకుండా చేస్తాయన్నది వట్టి మాట. మాడు బయటికి వచ్చిన వెంట్రుక నిర్జీవం, దానికి ఊపిరితో పని లేదు.

నడుము దాకా జడ ఉన్నవాళ్లకు, రంగు వేసుకున్నవాళ్లకు, స్ట్రెయిటెనింగ్ చేయించుకున్నవాళ్లకు సిలికోన్ మేలే చేస్తుంది. పొట్టిగా కత్తిరించుకున్న, సన్నని, జిడ్డు పట్టే జుట్టుకు అక్కర్లేదు. జుట్టు నెత్తికి అతుక్కుపోయి, పొద్దున తలంటుకున్నా సాయంత్రానికి నూనె పెట్టినట్టు కనిపిస్తుంది.

పేరుకుపోయిందని అనుమానమా? లారెత్ సల్ఫేట్ ఉండి, సిలికోన్ లేని షాంపూతో రెండు తలంట్లు పోయండి. జుట్టు తేలికపడితే అనుమానం నిజం. పడకపోతే నీళ్లను అనుమానించండి. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం కూడా వెంట్రుక మీద పేరుకుని పీచులా, గరుకుగా చేస్తాయి. బకెట్ అంచున తెల్లని చారలు కడుతున్నా, ఒంటి సబ్బు సరిగా నురుగు రాకపోయినా మీ నీళ్లు గట్టివి. అలాంటి ఇళ్లలో ఈడీటీఏ ఉన్న షాంపూ కొంత సాయపడుతుంది. చివరి చెంబు మాత్రం ఫిల్టర్ నీళ్లు పోసుకోవచ్చు. షాంపూను తిట్టే ముందు, మున్సిపల్ నీళ్లు వచ్చే చుట్టాలింట్లో అదే షాంపూతో ఒకసారి తలంటుకుని చూడండి.

6. నిల్వ పదార్థాలు: భయం వద్దు, మీకు పడనిది తెలిస్తే చాలు

నీళ్లున్న ఏ షాంపూకైనా నిల్వ పదార్థం ఉండాల్సిందే. తడి చేతులతో, ఆవిరి పట్టిన స్నానాలగదిలో నెలల తరబడి ఉండే సీసాలో అది లేకపోతే బ్యాక్టీరియా, బూజు పెరుగుతాయి. పారాబెన్లు చాలా ఏళ్లుగా వాడుకలో ఉన్నవి, చర్మానికి పడకపోవడం వాటితో అరుదు. వాటిని తీసేశామని గొప్పగా చెప్పిన చోట వేరే ఏదో వచ్చి కూర్చుంటుంది. ఆ వేరే ఏదో ఏమిటన్నదే అసలు ప్రశ్న.

ఎలర్జీ విషయంలో జాగ్రత్త పడాల్సినవి రెండు గుంపులు. ఒకటి మిథైలిసోథియాజోలినోన్, మిథైల్‌క్లోరోఐసోథియాజోలినోన్. యూరప్‌లో ఎలర్జీలు పెరగడంతో మొదటిదాన్ని ఒంటికి రాసి వదిలేసే క్రీముల్లో 2017 నుంచి వాడనివ్వడం లేదు. కడిగేసే వాటిలో 0.0015 శాతం దాటకూడదని తర్వాత పరిమితి పెట్టారు. రెండో గుంపు కొద్దికొద్దిగా ఫార్మాల్డిహైడ్ విడుదల చేసేవి: డీఎండీఎం హైడాంటాయిన్, ఇమిడజోలిడినైల్ యూరియా, క్వాటర్నియం-15. ఇవి పడనివాళ్లు పడనివాళ్లే, మిగతావాళ్లకు ఏమీ కాకపోవచ్చు. ఎప్పుడైనా క్రీముకో, తల రంగుకో ఒళ్లు దద్దుర్లు పోసి ఉంటే ఈ పేర్లు లేని సీసా తీసుకోండి. సోడియం బెంజోయేట్, ఫినాక్సీఇథనాల్ ఉన్నవి ఎక్కువమందికి పడతాయి. పెర్‌ఫ్యూమ్‌ను మరవకండి, షాంపూ ఎలర్జీల్లో దాని వాటా తక్కువేం కాదు.

షాంపూ ఎలర్జీ చాలాసార్లు మాడు మీద కనిపించదు. మాడు చర్మం మందం. నురుగు జారే దారిలో, అంటే కనురెప్పల మీద, నుదుటి అంచున, చెవుల వెనక, మెడ వెనక దురద, ఎర్రదనం వస్తాయి. కనురెప్పలు దురద పెడుతుంటే కాటుకనో, కళ్లద్దాలనో అనుమానిస్తారు కానీ షాంపూను ఎవరూ అనుమానించరు.

కొత్త సీసా అయితే ముందు ఇలా చూడండి. రూపాయి బిళ్లంత చోట, మోచేతి లోపలి మడత దగ్గర కాస్త షాంపూ తడిచేసి రాసి, ఐదు నిమిషాలుంచి కడిగేయండి. రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు. దురద, ఎర్రదనం రాకపోతే తలకు వాడొచ్చు. చిక్కని షాంపూ రాసి, కట్టు కట్టి రాత్రంతా వదిలేయకండి. అలా చేస్తే ఎలర్జీ లేనివాళ్లకూ మండుతుంది, ఫలితం ఏమీ తెలియదు.

7. ఇప్పుడు ఎంచుకోండి

జిడ్డు మాడుకు: నీళ్ల తర్వాత లారెత్ సల్ఫేట్ గాని ఓలెఫిన్ సల్ఫోనేట్ గాని ఉండి, సిలికోన్ లేనిది. రోజు విడిచి రోజు తలంటుకున్నా పర్లేదు. "ఎక్కువ కడిగితే ఇంకా జిడ్డు ఊరుతుంది" అనే మాటకు భయపడి వారం ఆపకండి. నూనె గ్రంథులు ఎంత ఊరాలన్నది ఎక్కువగా హార్మోన్ల చేతిలో ఉంటుంది, మీ షాంపూ చేతిలో కాదు.

మామూలు మాడుకు లారెత్, బీటైన్ జంట చాలు. ధర చూసి కొనండి.

పొడి మాడుకు: నాలుగో మెట్టులో చెప్పిన మెత్తని పేర్లలో ఒకటి ముందుండాలి. లారెత్ ఉన్నా దాని పక్కన బీటైన్, గ్లూకోసైడ్ ఉండాలి. వారానికి ఒకటి రెండుసార్లు చాలు. మరిగే నీళ్లు మానేయండి, పొడిబార్చడంలో వేడి నీళ్లు షాంపూకు పెద్దన్న.

చుండ్రుకు: ఇక్కడ సల్ఫేటా కాదా అన్నది పక్కకు పోతుంది. కీటోకోనజోల్, జింక్ పైరిథియోన్, సెలీనియం సల్ఫైడ్, పిరోక్టోన్ ఓలమైన్, వీటిలో ఒకటి లేబుల్ మీద ఉండాలి. నిమ్మ, వేప, టీ ట్రీ బొమ్మలు సరిపోవు. వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు వాడండి. ఆ తర్వాత వారానికో, రెండు వారాలకో ఒకసారి. మందు షాంపూను జుట్టుకు కాదు, పాయలు తీసి మాడుకు పట్టించి మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచాలి. పెట్టిన వెంటనే కడిగేసి "పని చేయలేదు" అనేవాళ్లే ఎక్కువ. ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి. ఈ నాలుగు వారాలు తలకు నూనె వద్దు. అమ్మకో, అత్తగారికో చెప్పి ఒప్పించడమే ఇందులో కష్టమైన మెట్టు. మందు షాంపూ తర్వాత జుట్టు గరుకుగా అనిపిస్తే చెవుల కిందికి ఉన్న జుట్టుకు మాత్రమే కండిషనర్ రాయండి.

మంట, దురద తరచూ వచ్చే సున్నితమైన మాడుకు: పెర్‌ఫ్యూమ్ లేనిది, ఆరో మెట్టులో చెప్పిన రెండు గుంపులూ లేనిది. జాబితా ఎంత పొట్టిగా ఉంటే అంత మేలు.

మాడు జిడ్డు, చివర్లు పొడి అయితే? పొడవు జుట్టు ఉన్నవాళ్లలో చాలామందికి ఇదే తీరు. షాంపూ మాడును చూసి కొనండి, కండిషనర్ చివర్లను చూసి కొనండి. ఒకే సీసాతో రెండూ కావాలనుకుంటే ఏదో ఒకటి చెడుతుంది.

8. తలంటుకునే తీరు సరిచేసుకోండి

భుజాల దాకా జుట్టుకు 6 మిల్లీలీటర్లు, అంటే చిన్న ప్యాకెట్ ఒకటి, సరిపోతుంది. మన ఇళ్లలో మగ్గులో కాస్త నీళ్లు పోసి షాంపూ కలిపి పోసుకునే అలవాటు మంచిదే, మాడంతా సమంగా పరుచుకుంటుంది. అయితే కలిపింది ఆ పూటకే. సీసా అడుగున మిగిలినదాంట్లో నీళ్లు పోసి ఊపి, వారం రోజులు వాడటం మాత్రం మానండి. నీళ్లు పోయగానే నిల్వ పదార్థం పలచబడి, క్రిములను ఆపలేదు. ఇంట్లో ఉడకబెట్టిన కుంకుడు, శీకాయ రసం సంగతీ అంతే. ఫ్రిజ్‌లో పెట్టినా రెండు మూడు రోజులకు మించి ఉంచకండి. వాసన మారినా, పైన తెట్టు కట్టినా పారబోయండి.

గోళ్లతో గీకవద్దు, వేళ్ల కొనలతో రుద్దండి. కడగడానికి పెట్టిన సమయం రుద్దడానికి పెట్టినదానికి రెండింతలు ఉండాలి. మెడ వెనక, చెవుల వెనక నురుగు మిగలడం మామూలుగా జరిగే తప్పు. దురదకు చాలాసార్లు అదే కారణం.

9. ఫలితం ఎలా చూసుకోవాలి

ఒక కొత్త షాంపూకు కనీసం నాలుగు తలంట్లు ఇవ్వండి. ఆ రోజుల్లో నూనె, సీరం, కండిషనర్ ఏదీ కొత్తగా మార్చవద్దు. అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల ఏమైందో తెలియదు.

ప్రతిసారీ మూడు విషయాలు క్యాలెండర్ మీద రాసుకోండి. గంట తర్వాత మాడు బిగుసుకుందా? 24 గంటలకు టిష్యూ మీద మరక ఎంత? మూడో రోజు నల్ల గుడ్డ మీద పొట్టు ఎంత? బిగుతు ప్రతిసారీ ఉంటే కడిగే పదార్థం మీకు ఘాటెక్కువ, నాలుగో మెట్టుకు తిరిగి వెళ్లండి. 24 గంటలకే మరక ముందుకంటే పెద్దదైతే మెత్తదనం ఎక్కువైంది, లేదా సిలికోన్ పేరుకుంటోంది. తలంటేటప్పుడు జుట్టు కీచుమని శబ్దం చేస్తే "బాగా శుభ్రపడింది" అనుకోకండి. జిడ్డు పూర్తిగా లాగేసిందన్న గుర్తు అది.

రాలే వెంట్రుకలను లెక్కపెట్టి షాంపూకు మార్కులు వేయకండి. తలంటినప్పుడు చేతికి వచ్చేవి చాలావరకు ముందే కుదురు వదిలినవి. మూడు రోజులు తలంటుకోకపోతే నాలుగో రోజు అన్నీ కలిసి ఒకేసారి వస్తాయి.

నాలుగు వారాలు చుండ్రు షాంపూ సరిగ్గా వాడినా పొట్టు తగ్గకపోతే, చీము, రసి కారుతుంటే, జుట్టు గుండ్రంగా ఊడిపోతుంటే, మందమైన పొలుసులు నుదుటి మీదకు పాకుతుంటే షాంపూలు మార్చడం ఆపి చర్మవైద్యుల దగ్గరకు వెళ్లండి. పిల్లల తలలో తామర వల్ల వచ్చే గుండ్రని ఊడుడు మచ్చలకు షాంపూ ఒక్కటే చాలదు, లోపలికి మందు కావాలి. వెళ్లేటప్పుడు గత మూడు నెలల్లో వాడిన ప్రతి సీసా వెనక వైపు ఫోటో, నూనె, తల రంగు పెట్టెల ఫోటోలతో సహా ఫోన్‌లో ఉంచుకోండి. ఎలర్జీ అనుమానం ఉంటే డాక్టర్ వీపు మీద ప్యాచ్ టెస్ట్ చేస్తారు. అందులో ఏ పేరు తేలినా, ఆ ఫోటోల్లో ఏ సీసాలో అది ఉందో అక్కడికక్కడే వెతికి చూసుకోవచ్చు.